దారిలో ఉన్న సరుకు ఎవరి లెక్క?

విజయవాడలో గోడౌను, గుంటూరులో బ్రాంచి ఉన్న ఒక ఎలక్ట్రికల్ షాపును తీసుకుందాం. ఎండలు ముదరగానే గుంటూరులో సీలింగ్ ఫ్యాన్లు అడుగంటుతాయి. గోడౌన్లో 40 పెట్టెలు బండికెక్కించి పంపుతారు. వారధి దాటి మంగళగిరి మీదుగా వెళ్తే పెద్ద దూరమేమీ కాదు. అయినా పొద్దున బయల్దేరిన బండి మధ్యలో వేరే వాళ్ల సరుకు దించుకుంటూ ఏ సాయంత్రానికో చేరుతుంది. శనివారం చీకటి పడ్డాక చేరితే, కౌంటరు దగ్గర జనం ఉండటంతో పెట్టెలు మూలన పడేసి సోమవారం దాకా లెక్కపెట్టరు. ఈలోగా ఆ 40 ఫ్యాన్లు ఎక్కడున్నట్టు? విజయవాడలో లేవు. గుంటూరు చేతికి రాలేదు. చాలా షాపుల లెక్కల్లో మాత్రం ఉండేవి ఈ రెండు చోట్లే. అందుకే ఎటు రాసినా ఎవరో ఒకరి స్టాకు తప్పుతుంది.

ఎలా తప్పుతుందో ఒక్కొక్కటే చూడాలి, ఎందుకంటే ఒక్కో తప్పుకు ఒక్కో రకం నష్టం. బండి ఎక్కించగానే ఒకే ఎంట్రీతో విజయవాడలో తగ్గించి గుంటూరులో కలిపేశారనుకోండి. పదకొండు గంటలకు గుంటూరు కౌంటరుకు ఒకాయన వచ్చి ఆరు ఫ్యాన్లు కావాలంటాడు. స్క్రీన్ మీద నిండుగా ఉన్నాయి కాబట్టి కుర్రాడు డబ్బు తీసుకుని బిల్లు కొట్టేస్తాడు. వెనక్కి వెళ్లి చూస్తే రెండే పెట్టెలు. “కంప్యూటర్లో ఉన్నాయండీ, వెనక లేవు” అని విజయవాడకు ఫోన్. “పొద్దున్నే పంపించాం కదా తమ్ముడూ, ఇంకా రాలేదా?” అని అటు నుంచి జవాబు. కొనడానికి వచ్చినాయన నిలబడే ఉంటాడు.

పోనీ చేరాకే రాద్దామనుకుంటే తప్పు విజయవాడ వైపు పడుతుంది. బండి వెళ్లిపోయినా ఆ 40 అక్కడే ఉన్నట్టు కనిపిస్తాయి. గోడౌను నుంచి హోల్‌సేల్‌గా కొనేవాళ్లకు అవే ఫ్యాన్లు మళ్లీ ఒప్పుకుంటారు.

మూడో పద్ధతి చూడ్డానికి సవ్యంగానే ఉంటుంది. విజయవాడ పంపినప్పుడు తగ్గిస్తుంది, గుంటూరు అందుకున్నప్పుడు కలుపుతుంది, రెండూ వేర్వేరు ఎంట్రీలు. ఇప్పుడు రెండు చోట్లా లెక్క సరిపోతుంది. కానీ బండి దారిలో ఉన్నంతసేపూ మొత్తం వ్యాపారంలోంచి 40 ఫ్యాన్లు మాయమవుతాయి. ఆ రోజు మొత్తం స్టాకు చూసిన యజమాని ఫ్యాన్లు తగ్గాయనుకుని కంపెనీకి కొత్త ఆర్డరు పెట్టేస్తాడు. అది నెలాఖరైతే బ్యాంకుకిచ్చే స్టాకు స్టేట్‌మెంటు తక్కువ చూపిస్తుంది, క్యాష్ క్రెడిట్ మీద తీసుకోగలిగిన మొత్తమూ దాంతోపాటే తగ్గుతుంది. మార్చి 31 అయితే ముగింపు స్టాకు తగ్గి, ఆ ఏడాది లాభమే తక్కువగా తేలుతుంది. నా దృష్టిలో ఈ మూడింటిలో ఇదే ఎక్కువ ప్రమాదం. మొదటి రెండు తప్పులు కౌంటరు దగ్గరే బయటపడతాయి. దీన్ని పట్టించడానికి కౌంటరు దగ్గర ఎవరూ ఉండరు.

దీనికి పరిష్కారం రెండు చోట్ల మధ్య మూడో చోటు పెట్టడం. చాలామంది దాన్ని ‘ట్రాన్సిట్’ అంటారు. దానికి గోడలుండవు, తాళం ఉండదు, లెక్కల్లో మాత్రమే ఉండే గోడౌను అది. బండి కదిలినప్పుడు సరుకు విజయవాడలోంచి ట్రాన్సిట్‌లోకి వెళ్తుంది. గుంటూరులో లెక్కపెట్టి తీసుకున్నాక ట్రాన్సిట్‌లోంచి గుంటూరులోకి వస్తుంది. మొదటి ఎంట్రీ పంపినవారిది, రెండోది అందుకున్నవారిది. మూడు చోట్లా కలిపితే మొత్తం ఏ నిమిషంలోనైనా మారదు. ట్రాన్సిట్‌లో ఉన్న సరుకును ఏ కౌంటరూ అమ్మలేదు. ‘రేపు వస్తోంది’ అని గుంటూరు వాళ్లు మాట మాత్రం ఇవ్వొచ్చు.

మన ఫ్యాన్ల లెక్కనే అంకెలతో చూద్దాం. విజయవాడలో 48 అంగుళాల తెల్ల ఫ్యాన్లు 90, బ్రౌన్ రంగువి 30 ఉన్నాయి. గుంటూరులో తెల్లవి 4, బ్రౌన్ 2. తెల్లవి 30, బ్రౌన్ 10 పంపారు. బండి కదలగానే విజయవాడలో తెల్లవి 60, బ్రౌన్ 20 మిగిలాయి. ట్రాన్సిట్‌లో తెల్లవి 30, బ్రౌన్ 10. గుంటూరులో ఏమీ మారలేదు. మొత్తం వ్యాపారంలో తెల్లవి 94, బ్రౌన్ 32, పంపక ముందు ఎన్నో ఇప్పుడూ అన్నే.

‘బండి కదలగానే’ అన్న మాట ఊరికే రాయలేదు. చలానా ముందురోజు రాత్రే ప్రింటు తీసి, అప్పుడే ఎంట్రీ కూడా కొట్టేసే గోడౌన్లు చాలా ఉన్నాయి. తెల్లవారి బండిలో చోటు చాలక అయిదు పెట్టెలు దిగిపోతాయి. అవి గోడౌన్లోనే ఉంటాయి గానీ లెక్క ప్రకారం దారిలో ఉన్నట్టు. ఎక్కించిన పెట్టెలను బండి దగ్గరే నిలబడి లెక్కపెట్టి, ఆ అంకెనే పంపిన ఎంట్రీగా రాయాలి. అంతకుముందు రాసేదంతా ఆర్డరే. ఆర్డరు పెట్టినప్పుడు ఆ 40 ఫ్యాన్లను ఇంకెవరికీ అమ్మకుండా విజయవాడలోనే పక్కన పెట్టొచ్చు. స్టాకు అప్పుడు కదలకూడదు.

గుంటూరులో సరుకు దించుకునే పని ఇంకా జాగ్రత్తగా జరగాలి. చలానా చేతిలో పెట్టుకుని లెక్కపెట్టేవాడికి 38 దగ్గరికి రాగానే మిగతా రెండూ ఎక్కడో ఉండే ఉంటాయనిపిస్తుంది, టిక్కు పెట్టేస్తాడు. అందుకే పద్ధతిగా నడిచే చోట్ల పంపిన అంకె చూపించకుండానే లెక్కపెట్టిస్తారు. ఏ మోడలు, ఏ రంగు, ఎన్ని వచ్చాయో దించుకునేవాళ్లు రాస్తారు. పోల్చిచూడటం ఆ తర్వాత.

మన బండి దగ్గర అలా లెక్కపెడితే తెల్ల పెట్టెలు 28, బ్రౌన్ 11 తేలాయి. తెల్లవాటిలో ఒక పెట్టె నలిగి రెక్క వంగిపోయింది. మొత్తం 39. ‘ఒకటి తక్కువ’ అని రాసి ఊరుకోవడం చాలా చోట్ల అలవాటు. కానీ ఇక్కడ తేడా ఒక్కటి కాదు, రెండు. తెల్లవి రెండు తక్కువ, బ్రౌన్ ఒకటి ఎక్కువ. మొత్తం పెట్టెల్నే చూస్తే వాటిలో ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది. రంగుల వారీగా, సైజుల వారీగా సరిచూడాలనేది ఇందుకే. తెల్లవి ఒకటే తగ్గి ఉంటే బ్రౌన్ ఎక్కువ వచ్చిన ఒక్కటితో మొత్తం 40కి 40 తేలేది, ఎవరికీ అనుమానం కూడా వచ్చేది కాదు.

గుంటూరు వాళ్లు ఏం వచ్చిందో అదే రాశారు. మంచివి 27 తెల్ల ఫ్యాన్లు అమ్మే స్టాకులోకి వెళ్లాయి. రెక్క వంగినదాన్ని కూడా వాళ్లే తీసుకోవాలి, కాకపోతే ‘డ్యామేజీ’ అని వేరే చోట పెట్టాలి. పాడైందని దాన్ని ట్రాన్సిట్‌లోనే వదిలేస్తే, పెట్టె గుంటూరు షాపులో కళ్ల ముందుండగా లెక్క అది దారిలో ఉందని చెబుతుంది. బ్రౌన్ 11 వచ్చాయి కాబట్టి 11 రాశారు. ఇప్పుడు ట్రాన్సిట్‌లో తెల్లవి 2 మిగిలాయి, బ్రౌన్ మైనస్ 1కి వెళ్లింది.

ఇక్కడ రెండు వైపులా ఒక తొందర పుడుతుంది. గుంటూరు వాళ్లకు తెల్లవి 30 అనే రాసేసి తర్వాత స్టాకు సర్దుబాటు చేసుకుందామనిపిస్తుంది. విజయవాడ వాళ్లకు పాత ఎంట్రీ తెరిచి 30ని 28గా దిద్దేద్దామనిపిస్తుంది. రెండూ చేయకూడదు. మొదటిది చేస్తే దారిలో జరిగిన తేడా గుంటూరు షాపు తరుగుగా మారిపోతుంది. రెండోది చేస్తే సంతకాలు పడి బండితో వెళ్లిన చలానాకూ కంప్యూటర్‌కూ పొంతన పోతుంది. తేడాను ట్రాన్సిట్‌లోనే కనిపించనిచ్చి కారణం వెతకాలి.

కారణం వెతకడమంటే ముందుగా విజయవాడలో ఆ రెండు రకాలే మళ్లీ లెక్కపెట్టడం. లెక్కపెడితే తెల్లవి 61, బ్రౌన్ 19 తేలాయి. పుస్తకంలో 60, 20. అంటే తెల్లవాటి వరసలో ఒక బ్రౌన్ పెట్టె కలిసిపోయి, తెల్లదనుకుని దాన్ని ఎక్కించారు. ఇది దారిలో జరిగింది కాదు, గోడౌన్లో జరిగింది. దీనికి రెండు చిన్న ఎంట్రీలు చాలు. ఎక్కని తెల్ల ఫ్యాను ఒకటి ట్రాన్సిట్‌లోంచి విజయవాడకు వెనక్కి వస్తుంది. ఎక్కిన బ్రౌన్ ఒకటి విజయవాడ నుంచి ట్రాన్సిట్‌లోకి పోతుంది. అప్పుడు బ్రౌన్ సున్నా అవుతుంది, తెల్లది ఒక్కటి ట్రాన్సిట్‌లో మిగులుతుంది. అది విజయవాడలోనూ లేదు, గుంటూరులోనూ దిగలేదు. దారిలో పోయింది ఆ ఒక్కటే.

ఆ ఒక్కదానికి ఇప్పుడు చలానా నంబరు, తేదీ, బండి నంబరు అన్నీ ఉన్నాయి. డ్రైవరు ఇంకో షాపులో పొరపాటున దించాడేమో కనుక్కోవచ్చు, ట్రాన్స్‌పోర్టు వాళ్లను అడగొచ్చు. దొరక్కపోతే నష్టం కింద కొట్టేయాలి. ఆ కొట్టివేత గుంటూరు స్టాకులో కాదు, విజయవాడ స్టాకులోనూ కాదు, ట్రాన్సిట్‌లోంచే జరగాలి. పోయిన సరుకు మీద, అది కొన్నప్పుడు తీసుకున్న జీఎస్‌టీ క్రెడిట్‌ను కూడా వెనక్కి ఇవ్వాలి. పోయిన, దొంగలెత్తుకెళ్లిన, పాడై కొట్టేసిన సరుకుకు క్రెడిట్ చెల్లదని జీఎస్‌టీ చట్టం 17(5) సెక్షన్ చెబుతోంది. ట్రాన్స్‌పోర్టు వాళ్ల నుంచి రాబట్టాలన్నా, బీమా అడగాలన్నా మొదట అడిగేది ఏ చలానాలో ఎన్ని పంపారు, ఎన్ని అందాయి అన్నదే.

ట్రాన్సిట్‌లో సరుకుతో పాటు చలానా నంబరూ నడవాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. గుంటూరు, తెనాలి, ఏలూరు బ్రాంచీలకు పంపిన సరుకంతా ఒకే ట్రాన్సిట్ గోడౌన్లో నంబర్లు లేకుండా కలిపేస్తే, గుంటూరులో తగ్గిన ఫ్యాను తెనాలిలో ఎక్కువ దిగిన ఫ్యానుతో కొట్టుకుపోయి మొత్తం సున్నా చూపిస్తుంది. ప్రతి పంపకానికీ దాని నంబరు మీదే విడిగా సున్నా రావాలి.

లెక్క చెడుతోందని ముందే తెలిపే గుర్తు ఒకటుంది. గుంటూరులో ఏదో సరుకు మైనస్‌లో ఉంటే, దాన్ని సరిచేసే ముందు అదే సరుకు ట్రాన్సిట్‌లో ఉందేమో చూడాలి. చాలాసార్లు ఉంటుంది. బండి దిగింది, పెట్టెలు విప్పారు, అమ్మేశారు కూడా, అందినట్టు ఎంట్రీ మాత్రం కొట్టలేదు. దాన్ని స్టాకు సర్దుబాటుతో పూడ్చేస్తే, రేపెవరో ఆ పాత రసీదు ఎంట్రీ పూర్తి చేసిన రోజున లేని ఫ్యాన్లు ఉన్నట్టవుతాయి. అలాంటప్పుడు చేయాల్సింది ఆగిపోయిన రసీదును పూర్తిచేయడమే.

ఇదే తప్పు ఇంకో రూపంలో స్టాకు లెక్కించే రోజున వస్తుంది. ఆదివారం గుంటూరులో అన్నీ లెక్కపెడుతున్నారు. శనివారం రాత్రి దించిన 39 పెట్టెలు మూలన ఉన్నాయి, వాటి రసీదు ఇంకా కొట్టలేదు. లెక్కపెట్టేవాళ్లు వాటినీ కలిపి రాస్తారు. పుస్తకంలో లేని 39 కనిపించాయి కాబట్టి ‘ఎక్కువ’ అని సర్దుబాటు పడుతుంది. సోమవారం రసీదు కొడితే మరో 39. ఉన్నవి ఒకసారే, లెక్కలోకి వచ్చింది రెండుసార్లు. అందుకని లెక్క మొదలుపెట్టే ముందే దిగిన సరుకుకు రసీదు కొట్టేయాలి. వీలుకాకపోతే ఆ పెట్టెల మీద కాగితం అంటించి లెక్కలోంచి తప్పించాలి. పంపే వైపు కూడా ఎక్కించడానికి తీసి పెట్టినవి విజయవాడ స్టాకే, బండి కదిలేదాకా.

మళ్లీ ఎప్పుడు తెప్పించాలో చూసేటప్పుడు ట్రాన్సిట్‌ను మరిచిపోతే సరుకు రెండింతలు వచ్చి పడుతుంది. గుంటూరులో తెల్ల ఫ్యాన్లు 10కి తగ్గితే తెప్పించాలని నియమం పెట్టుకున్నారనుకుందాం. చేతిలో 4 ఉన్నాయి, 30 దారిలో ఉన్నాయి. చేతిలో ఉన్నదే చూస్తే ఆ సాయంత్రమే ఇంకో 30 అడుగుతారు. చేతిలో ఉన్నదీ దారిలో ఉన్నదీ కలిపి, దాంట్లోంచి ఇప్పటికే ఒప్పుకున్న ఆర్డర్లు తీసేసి చూడాలి. కౌంటరులో అమ్మడానికి మాత్రం ఆ 4 మాత్రమే. ఒకే సరుకుకు రెండు అంకెలు కావాలి, ఒకటి అమ్మకానికి, ఒకటి తెప్పించడానికి.

ఇవన్నీ చేయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేరే కావాలని లేదు. మన ఊళ్లలో ఎక్కువ షాపులు వాడే ట్యాలీలో గోడౌన్ల మధ్య సరుకు మార్చడానికి `Stock Journal` వోచరు ఉంది. ఒకే వోచరులో ఇటు తగ్గి అటు పెరుగుతుంది, అంటే మనం మొదట చెప్పుకున్న తప్పే జరుగుతుంది. ‘ట్రాన్సిట్’ పేరుతో ఒక గోడౌను తెరిచి, పంపినప్పుడు ఒక వోచరు, అందినప్పుడు ఇంకొకటి, రెండింట్లోనూ ఒకే చలానా నంబరు రాస్తే సరిపోతుంది. ఈఆర్‌పీ నెక్స్ట్‌లో సరుకు మార్చే ఎంట్రీలో `Add to Transit` అని టిక్కు పెట్టే చోటుంటుంది, అందాక `End Transit` నొక్కాలి. పెద్ద కంపెనీలు వాడే శాప్‌లో ఒక ప్లాంటు నుంచి ఇంకో ప్లాంటుకు ఒకే అడుగులో మార్చడానికి 301, రెండు అడుగుల్లో అయితే పంపడానికి 303, అందుకోవడానికి 305 అని నంబర్లే ఉన్నాయి. కంప్యూటరే లేని షాపులో రిజిస్టరులో ‘దారిలో’ అని ఒక నిలువు గడి గీసుకున్నా పని జరుగుతుంది. ఏ పద్ధతైనా సరే, పంపినవాడే అందినట్టు కూడా కొట్టగలిగితే మూడో చోటు పెట్టి లాభం లేదు. రెండు ఎంట్రీలూ ఒకే చేతి మీద పడకూడదు.

ట్రాన్సిట్‌లో ఉన్నవాటి జాబితాను రోజూ ఎవరో ఒకరు చూడాలి, పాతవి పైన ఉండేలా. విజయవాడ నుంచి గుంటూరుకు పంపింది రెండు రోజులు దాటి ఉందంటే ఫోన్ చేయాల్సిందే. పది రోజులైతే డ్రైవరుకు గుర్తుండదు, దించుకున్న కుర్రాడికీ గుర్తుండదు.

ఇక కాగితాల సంగతి. విజయవాడ, గుంటూరు రెండూ ఆంధ్రప్రదేశ్‌లోనే, ఒకే జీఎస్‌టీ నంబరు కింద ఉంటే ఇది అమ్మకం కాదు, పన్ను పడదు. డెలివరీ చలానా చాలు. దాన్ని మూడు ప్రతులు తీయాలి. మొదటిది అందుకునేవారికి, రెండోది బండితో, మూడోది పంపినవారి దగ్గర. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కూడా ఉండాలి. ఫ్యాను 1,800 చొప్పున 40 ఫ్యాన్లు 72,000 అవుతాయి కాబట్టి మన బండికి అది తప్పదు.

అదే షాపుకు హైదరాబాద్‌లోనూ బ్రాంచి ఉంటే కథ మారుతుంది. యజమాని ఒకరే అయినా, తెలంగాణ వేరే రాష్ట్రం కాబట్టి అక్కడ వేరే జీఎస్‌టీ నంబరు ఉండాలి. చట్టం దృష్టిలో ఆ రెండు నంబర్లూ ఇద్దరు వేర్వేరు మనుషులు. డబ్బు చేతులు మారకపోయినా ట్యాక్స్ ఇన్‌వాయిస్ రాసి ఐజీఎస్‌టీ కట్టాలి, ఆ పన్నును హైదరాబాద్ బ్రాంచి క్రెడిట్‌గా తీసుకుంటుంది. అయితే ఆ క్రెడిట్‌కు ఒక షరతుంది, సరుకు అంది ఉండాలి. మార్చి 30న విజయవాడలో ఇన్‌వాయిస్ రాసిన బండి ఏప్రిల్ 1న హైదరాబాద్‌లో దిగితే, విజయవాడ పన్ను మార్చి లెక్కలోకి వస్తుంది, హైదరాబాద్ క్రెడిట్ ఏప్రిల్‌లోకి పోతుంది. మార్చి 31 రాత్రి ఆ ఫ్యాన్లు ఏ గోడౌన్లోనూ లేకపోయినా వ్యాపారం ముగింపు స్టాకులో ఉండాలి. ఒకే ఇన్‌వాయిస్ సరుకు రెండు బండ్లలో విడతలుగా వస్తే క్రెడిట్ తీసుకోవాల్సింది చివరి విడత దిగాకే. ఆ తేదీ అకౌంటెంటుకు తెలిసేది హైదరాబాద్ వాళ్లు లెక్కపెట్టి కొట్టిన రసీదు ఎంట్రీ నుంచే.